వేగంగా వచ్చేదా, నిలిచి ఉండేదా: బ్యూటాడయీన్, HBr చర్యతో గతిక, ఉష్ణగతిక నియంత్రణ వ్యాసం రాయడం

డిగ్రీ జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఈ ప్రశ్న దగ్గర నాకు దాదాపు ప్రతి కట్టలోనూ ఒకే వాక్యం కనిపిస్తుంది: "తక్కువ ఉష్ణోగ్రత వద్ద గతిక క్రియాజన్యం, ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద ఉష్ణగతిక క్రియాజన్యం ఏర్పడతాయి." కింద ఒక బొమ్మ, పక్కన రెండు శాతాలు, అంతే. వాక్యం తప్పు కాదు. కానీ ఉష్ణోగ్రతే వచ్చి ఏ క్రియాజన్యం కావాలో ఎంపిక చేస్తుందన్నట్టు ఉంటుంది. నిజానికి ఎంపిక చేసేది వేరే విషయం: ఒకసారి ఏర్పడిన క్రియాజన్యం వెనక్కి వెళ్లగలదా, లేదా? వెళ్లలేకపోతే ఏది త్వరగా ఏర్పడితే అదే ఎక్కువ మిగులుతుంది. వెళ్లగలిగితే, ఎంతసేపు పట్టినా చివరికి ఏది స్థిరమైనదో అది ఎక్కువ అవుతుంది. వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉందా, మూసి ఉందా అన్నంత వరకే ఉష్ణోగ్రత పాత్ర. వ్యాసం మొత్తాన్ని ఈ ఒక్క మాట చుట్టూ కట్టితే మార్కులు వాటంతట అవే వస్తాయి. ఎలా కట్టాలో 1,3-బ్యూటాడయీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపే చర్యతో అడుగడుగునా చూద్దాం.

మొదటి అడుగు: చర్యను తప్పు లేకుండా రాయడం

బ్యూటాడయీన్ CH2=CH–CH=CH2. పెరాక్సైడ్ లేని పరిస్థితుల్లో దీనికి ఒక మోల్ HBr కలిపితే రెండు క్రియాజన్యాలు వస్తాయి.

```
CH3–CHBr–CH=CH2     1,2-సంకలనం   3-బ్రోమో-1-బ్యూటీన్
CH3–CH=CH–CH2Br     1,4-సంకలనం   1-బ్రోమో-2-బ్యూటీన్
```

పెరాక్సైడ్ మాట వదలకండి. అది ఉంటే చర్య స్వేచ్ఛా ప్రాతిపదికల దారి పడుతుంది. అప్పుడు మనం చెప్పబోయే కార్బోకాటయాన్ కథ అక్కడ నడవదు.

ఇక్కడే చాలామంది తడబడే చిన్న విషయం ఉంది. 1,2 అన్నవి, 1,4 అన్నవి డయీన్‌లోని కార్బన్ల సంఖ్యలు, క్రియాజన్యం పేరులోని సంఖ్యలు కావు. H మొదటి కార్బన్ మీద, Br రెండో కార్బన్ మీద చేరితే 1,2-సంకలనం. కానీ పేరు పెట్టేటప్పుడు ద్విబంధానికి చిన్న సంఖ్య రావాలి కాబట్టి అవతలి చివర నుంచి లెక్కపెడతాం. అలా అది 3-బ్రోమో-1-బ్యూటీన్ అవుతుంది. ఈ రెండు లెక్కలూ కలిసిపోయి "1,2-డైబ్రోమో" అని రాసినవాళ్లనూ చూశాను. పేరు రాసే ముందు H ఎక్కడ చేరిందో, Br ఎక్కడ చేరిందో కార్బన్ల కింద చిన్న అంకెలు వేసుకోండి. పొరపాటు జరగదు.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉండే అంకెలు. –80 °C వద్ద సుమారు 80 శాతం 1,2, 20 శాతం 1,4. 40 °C వద్ద అంకెలు తారుమారవుతాయి: సుమారు 20 శాతం 1,2, 80 శాతం 1,4. కొన్ని పుస్తకాల్లో 15, 85 అని ఉంటుంది. మీరు చదివిన పుస్తకం ఏదైతే దాన్నే రాయండి, "సుమారు" అనే మాట మాత్రం చేర్చండి.

రెండో అడుగు: రెండు క్రియాజన్యాలకూ ఒకటే మధ్యస్థం అని చూపించడం

HBr నుంచి ప్రోటాన్ డయీన్ చివరి కార్బన్ మీదకు వస్తుంది. అలా వస్తే ధనావేశం పక్క ద్విబంధంతో పంచుకోగలుగుతుంది. మధ్య కార్బన్ మీదకు వస్తే ఏ సాయమూ లేని ప్రైమరీ కార్బోకాటయాన్ మిగులుతుంది కాబట్టి ఆ దారి సాగదు. ఏర్పడింది ఎలైల్ కార్బోకాటయాన్. దాన్ని రెండు రెజొనెన్స్ నిర్మాణాలుగా రాస్తాం.

```
CH3–CH(+)–CH=CH2   ↔   CH3–CH=CH–CH2(+)
```

ఇవి రెండు వేర్వేరు అయాన్లు కావు. ఒకే అయాన్‌ను కాగితం మీద రెండు రకాలుగా గీశాం, అంతే. Br⁻ ఈ ఒక్క అయాన్‌నే రెండు చోట్ల తాకగలదు: రెండో కార్బన్ దగ్గర తాకితే 1,2, నాలుగో కార్బన్ దగ్గర తాకితే 1,4. కాబట్టి మొదటి అంచె రెండింటికీ ఉమ్మడి. అది నెమ్మదైన అంచె, మొత్తం చర్య వేగాన్ని నిర్ణయించేది. కానీ ఏ క్రియాజన్యం ఎంత వస్తుందో నిర్ణయించేది రెండో అంచె. వేగాన్ని నిర్ణయించే అంచె వేరు, నిష్పత్తిని నిర్ణయించే అంచె వేరు అని ఒక్క వాక్యం రాసిన జవాబు నాకు ఇప్పటివరకు చాలా తక్కువసార్లు దొరికింది. దొరికినప్పుడు ఆ విద్యార్థికి విషయం తెలుసని అక్కడే అర్థమైపోతుంది.

మూడో అడుగు: బొమ్మ

శక్తి పటం లేకుండా ఈ వ్యాసం నిలబడదు. దాన్ని ఇలా గీయండి. నిలువు గీత మీద స్వేచ్ఛా శక్తి, అడ్డ గీత మీద చర్య పురోగతి. పటం నడిమధ్యలో, కాస్త పైన, ఒక చిన్న లోయ వేయండి. అది ఎలైల్ కార్బోకాటయాన్. క్రియాజనకాల నుంచి దాన్ని చేరే పెద్ద కొండను కావాలంటే వేరే చిన్న పటంలో చూపించండి. అన్నీ ఒకే పటంలో ఇరికిస్తే గీతలు ఒకదాన్నొకటి దాటి గందరగోళం అవుతుంది. ఆ లోయకు ఎడమ పక్కన 1,2 క్రియాజన్యం, కుడి పక్కన 1,4 క్రియాజన్యం పెట్టండి.

ఇప్పుడు రెండు ఎత్తులు, రెండు లోతులు. ఎడమ వైపు గుట్ట కొంచెం పొట్టిది, ఎందుకంటే 1,2 త్వరగా ఏర్పడుతుంది. కుడి వైపు గుట్ట కొంచెం పొడుగుది. ఎడమ లోయ తక్కువ లోతు, కుడి లోయ ఎక్కువ లోతు, ఎందుకంటే 1,4 ఎక్కువ స్థిరమైనది. పొట్టి గుట్ట దాటితే లోతులేని లోయ, పొడుగు గుట్ట దాటితే లోతైన లోయ. ఈ వ్యత్యాసం బొమ్మలో స్పష్టంగా కనిపించకపోతే బొమ్మ గీసినా ఉపయోగం లేదు. రెండు లోయలూ ఒకే మట్టంలో గీసి కింద "1,4 స్థిరమైనది" అని రాస్తే మీ మాటను మీ బొమ్మే కాదంటున్నట్టు.

తర్వాత నాలుగు బాణాలు వేయండి. మధ్య లోయ నుంచి రెండు గుట్టల శిఖరాలకు రెండు బాణాలు: ఇవి ముందుకు వెళ్లే ఉత్తేజన శక్తులు. రెండు క్రియాజన్యాల లోయల నుంచి అవే శిఖరాలకు మరో రెండు: ఇవి వెనక్కి రావడానికి కావలసినవి. గతిక నియంత్రణను మొదటి రెండు బాణాల పొడవుల తేడా చెబుతుంది. ఉష్ణగతిక నియంత్రణను రెండు లోయల అడుగుల తేడా చెబుతుంది. మనం ఏ నియంత్రణలో ఉన్నామో మాత్రం వెనక్కి వచ్చే బాణాల పొడవే చెబుతుంది. బొమ్మ గీసి ఈ మూడు సంగతులు పక్కన రాస్తే సగం వ్యాసం అయిపోయినట్టే.

నాలుగో అడుగు: 1,4 ఎందుకు స్థిరం, 1,2 ఎందుకు త్వరగా

స్థిరత్వం సంగతి తేలిక. 1,2 క్రియాజన్యంలో ద్విబంధం గొలుసు చివరన ఉంది, దాని మీద ఒకే ఆల్కైల్ సమూహం. 1,4 క్రియాజన్యంలో ద్విబంధం లోపల ఉంది, రెండు వైపులా ప్రతిక్షేపక సమూహాలున్నాయి, పైగా ఎక్కువ భాగం ట్రాన్స్ రూపంలో ఉంటుంది. ద్విబంధం మీద ఆల్కైల్ సమూహాలు పెరిగితే స్థిరత్వం పెరుగుతుందని ఆల్కీన్ల హైడ్రోజనీకరణ ఉష్ణాల నుంచి మనకు తెలుసు. ఇంతకుమించి సాగదీయనక్కర్లేదు.

వేగం సంగతి అంత తేలిక కాదు, ఇక్కడ కాస్త ఆగుదాం. క్లాసులో చెప్పే కారణం ఇది: రెండు రెజొనెన్స్ నిర్మాణాల్లో ధనావేశం సెకండరీ కార్బన్ మీద ఉన్నది ఎక్కువ ముఖ్యమైనది. కాబట్టి అసలు అయాన్‌లో రెండో కార్బన్ మీద ఆవేశం ఎక్కువ, బ్రోమైడ్ అక్కడికే త్వరగా వెళుతుంది. ఇది వినడానికి బాగుంది, కొంతవరకు నిజం కూడా. కానీ ఇదే పూర్తి కారణమైతే, రెండు చివరలా ఆవేశం సమానంగా ఉండే కాటయాన్‌లో రెండు క్రియాజన్యాలూ సమానంగా రావాలి కదా?

1979లో నార్డ్‌లాండర్, ఆయన సహచరులు సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు. వాళ్లు 1,3-పెంటాడయీన్ తీసుకుని, HCl బదులు DCl కలిపారు. డ్యుటీరియం మొదటి కార్బన్ మీద చేరితే ఏర్పడే కాటయాన్‌ను గీసి చూడండి.

```
CH2D–CH(+)–CH=CH–CH3   ↔   CH2D–CH=CH–CH(+)–CH3
```

రెండు చివరలూ సెకండరీయే. రెండింటి మీదా ఒక మెథిల్ సమూహమే ఉంది, ఒకదానిలో ఒక H బదులు D ఉండటం తప్ప తేడా లేదు. మామూలు HCl వాడి ఉంటే 1,2, 1,4 క్రియాజన్యాలు ఒకే పదార్థం అయ్యేవి, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలిసేదే కాదు. డ్యుటీరియం ఒక గుర్తులా నిలబడి ఆ తేడా చూపించింది. ఆవేశం వాదనే పూర్తి నిజమైతే సగం సగం రావాలి. కానీ 1,2-సంకలనమే ఎక్కువ వచ్చింది.

కారణం దగ్గరితనం. ప్రోటాన్ ఇచ్చిన క్షణంలో హాలైడ్ అయాన్ ఎక్కడుందో ఊహించుకోండి. అది ద్రావణంలో ఎటో తిరిగి వెతుక్కుంటూ రాదు, ప్రోటాన్ చేరిన కార్బన్ పక్కనే కాటయాన్‌తో జంటగా ఉంటుంది. దాన్నే అయాన్ జంట అంటాం. ఆ జంట విడిపోకముందే హాలైడ్ దగ్గర్లో ఉన్న రెండో కార్బన్‌ను పట్టుకుంటుంది. నాలుగో కార్బన్ దానికి దూరం. పరీక్షలో రెండు కారణాలూ రాయండి: ముందు ఆవేశ పంపిణీ, తర్వాత అయాన్ జంటలో దగ్గరితనం, దానికి ఆధారంగా పెంటాడయీన్ ప్రయోగం ఒక్క వాక్యంలో. మొదటిది మాత్రమే రాస్తే ఎవరూ మార్కులు కోయకపోవచ్చు. రెండోది ఉంటే జవాబు మిగతావాటి కంటే వేరుగా నిలబడుతుంది.

ఐదో అడుగు: ఉష్ణోగ్రత అసలు ఏం చేస్తుందో లెక్కతో చూపించడం

ఇది నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. కాలిక్యులేటర్ ఉంటే ఐదు నిమిషాల పని. నిష్పత్తి నుంచి శక్తి తేడా తెలుసుకునే సూత్రం మీకు తెలిసిందే:

```
తేడా = R T ln(నిష్పత్తి)
R = 8.314 J/K/mol
```

–80 °C అంటే 193 కెల్విన్. అక్కడ నిష్పత్తి 80కి 20, అంటే 4. ln 4 విలువ 1.386. గుణిస్తే 2,224 జౌళ్లు, సుమారు 2.2 కిలోజౌళ్లు. ఇది రెండు గుట్టల ఎత్తుల మధ్య తేడా. 40 °C అంటే 313 కెల్విన్. అక్కడా నిష్పత్తి 4, కానీ అటువైపు. గుణిస్తే సుమారు 3.6 కిలోజౌళ్లు. ఇది రెండు లోయల అడుగుల మధ్య తేడా. రెండూ చాలా చిన్న అంకెలని గమనించండి. పటంలో ఒక గుట్టను కొండంత, ఒకదాన్ని పుట్టంత గీయవద్దని నేను చెప్పేది ఇందుకే.

ఇప్పుడు ఒక తిరకాసు ప్రశ్న. 40 °C దగ్గర చర్య వెనక్కి వెళ్లలేదనుకుందాం. అప్పుడు నిష్పత్తి ఎంత ఉండాలి? గుట్టల తేడా 2.2 కిలోజౌళ్లే ఉంటుందనుకుని 313 కెల్విన్ దగ్గర లెక్కిస్తే, 1,2 సుమారు 70 శాతం, 1,4 సుమారు 30 శాతం వస్తాయి. అంటే వేడి చేసినా 1,2 మెజారిటీయే! ఉష్ణోగ్రత పెంచడం వల్ల గుట్టల తేడా కాస్త మసకబారింది కానీ తలకిందులు కాలేదు. 0 °C దగ్గర ఇదే లెక్క 73కి 27 ఇస్తుంది. కొన్ని పాఠ్యపుస్తకాల్లో 0 °C దగ్గర 71, 29 అని ఉంటుంది. మన లెక్కకు ఎంత దగ్గరో చూడండి. అంటే 0 °C దగ్గర కూడా చర్య ఇంకా గతిక నియంత్రణలోనే ఉందన్నమాట.

రెండో తిరకాసు. –80 °C దగ్గర ఏదో ఒక మాయతో సమతాస్థితి వచ్చేసిందనుకుందాం. లోయల తేడా 3.6 కిలోజౌళ్లే ఉంటుందనుకుని లెక్కిస్తే నిష్పత్తి 9.5కు 1 వస్తుంది, అంటే 1,4 సుమారు 90 శాతం. తక్కువ ఉష్ణోగ్రతలో స్థిరమైన క్రియాజన్యం ఇంకా ఎక్కువ రావాలి! మరి –80 °C దగ్గర అది ఎందుకు రావడం లేదు? అక్కడ సమతాస్థితి రానే రాదు కాబట్టి. "ఎక్కువ ఉష్ణోగ్రత స్థిరమైన క్రియాజన్యానికి అనుకూలం" అనే మాటను నేను ఎందుకు పట్టుకుని ప్రశ్నిస్తానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. సమతాస్థితి వచ్చాక ఇంకా వేడి చేస్తే ఈ చర్యలో 1,4 శాతం పెరగదు, కొంచెం తగ్గుతుంది. వేడి చేసే మేలు ఒక్కటే, సమతాస్థితికి చేర్చడం.

వెనక్కి వెళ్లే దారి ఉష్ణోగ్రతతో ఎంతగా తెరుచుకుంటుందో ఊహకు రావడానికి ఒక లెక్క. వెనక్కి రావడానికి కావలసిన శక్తి 85 కిలోజౌళ్లనుకుందాం. ఇది లెక్క కోసం నేను తీసుకున్న అంకె, ఈ చర్యకు కొలిచిన విలువ కాదు. ఐరింగ్ సమీకరణంలో వేస్తే 40 °C దగ్గర అర్ధాయువు సుమారు 16 సెకన్లు. అదే గుట్ట –80 °C దగ్గర దాటాలంటే అర్ధాయువు సుమారు 550 ఏళ్లు! గుట్ట ఎత్తు మారలేదు, ఎక్కే సత్తువ మారింది. అందుకే ఒక ఉష్ణోగ్రత దగ్గర దారి తెరిచి ఉన్నట్టు, ఇంకో దాని దగ్గర మూసుకుపోయినట్టు కనిపిస్తుంది.

ఆరో అడుగు: ఏ నియంత్రణో ప్రయోగంతో ఎలా తేలుస్తారు

ఒకే ఒక్క శాతం చూసి "ఇది ఉష్ణగతిక నియంత్రణ" అనలేం. మూడు రకాలుగా పరీక్షించవచ్చు.

మొదటిది అన్నిటికంటే బలమైనది. –80 °C దగ్గర చేసిన చర్య నుంచి వచ్చిన మిశ్రమాన్ని, HBr ఉండగానే, 40 °Cకి వేడి చేస్తారు. అది నెమ్మదిగా 20, 80 మిశ్రమంగా మారిపోతుంది. అంటే 1,2 అణువులు తమ బ్రోమైడ్‌ను వదిలి మళ్లీ ఎలైల్ కాటయాన్ అయి, ఈసారి అవతలి వైపు వెళ్లాయి. ఇప్పుడు అదే పరీక్షను తిరగేసి చేస్తారు: శుద్ధమైన 1,4 క్రియాజన్యాన్ని తీసుకుని అవే పరిస్థితుల్లో ఉంచుతారు. అది కూడా అదే 20, 80 దగ్గర ఆగుతుంది. రెండు వైపుల నుంచి బయలుదేరి ఒకే చోట కలిస్తే అది సమతాస్థితి. ఒక వైపు నుంచే చూపిస్తే సరిపోదు, "ఇంకా మారుతూ ఉందేమో" అన్న సందేహం మిగులుతుంది. జవాబులో "రెండు వైపుల నుంచి" అన్న మాట తప్పక రాయండి.

రెండోది సమయంతో పరీక్ష. ఒకే ఉష్ణోగ్రత దగ్గర, చర్య మొదలైన కొద్దిసేపటికి ఒక నమూనా, చాలాసేపటికి ఇంకో నమూనా తీస్తారు. మొదట్లో 1,2 ఎక్కువ, తర్వాత 1,4 ఎక్కువ అయితే చర్య గతిక నియంత్రణ నుంచి ఉష్ణగతిక నియంత్రణకు నడుస్తోందన్నమాట. రెండు నమూనాలూ ఒకటే అయితే రెండు అర్థాలుండొచ్చు: లేదా దారి పూర్తిగా మూసి ఉంది, లేదా మొదటి నమూనా కంటే ముందే సమతాస్థితి వచ్చేసింది. అప్పుడు మొదటి పరీక్షే గతి.

మూడోది, వేడి చేసిన మిశ్రమాన్ని మళ్లీ –80 °Cకి చల్లార్చడం. 20, 80 అలాగే ఉండిపోతుంది, 80, 20గా తిరిగి మారదు. ఉష్ణోగ్రతే ఎంపిక చేసేదైతే మారి ఉండాల్సింది! గతిక నిష్పత్తి అన్నది అణువులు ఏర్పడే క్షణంలో తయారైపోతుంది. ఏర్పడిన తర్వాత చల్లార్చి దాన్ని వెనక్కి తేలేం. ఈ ఒక్క వాక్యంతో విద్యార్థికి విషయం నిజంగా అర్థమైందా లేదా నాకు తెలిసిపోతుంది.

ఏడో అడుగు: జవాబు రాయడం

పది మార్కుల ప్రశ్నకు పరీక్షలో మీకు దొరికేది ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. పైన చెప్పినదంతా రాయడానికి అది చాలదు. కాబట్టి వరుస ముఖ్యం. బొమ్మ చివర్లో గీద్దాంలే అని వదిలేసి సమయం అయిపోయినవాళ్లను చాలామందిని చూశాను. నిర్వచనం రాసిన వెంటనే బొమ్మ గీయండి, తర్వాత చెప్పేదంతా ఆ బొమ్మను చూపిస్తూ చెప్పండి. నమూనాగా ఒక జవాబు ఇక్కడ ఇస్తున్నాను, దీన్ని మీ మాటల్లో మార్చుకోండి.

*ఒక చర్యలో ఒకే మధ్యస్థం నుంచి రెండు క్రియాజన్యాలు ఏర్పడగలిగినప్పుడు, అవి ఏర్పడే వేగాల నిష్పత్తి తుది మిశ్రమాన్ని నిర్ణయిస్తే దాన్ని గతిక నియంత్రణ అంటారు. అవి ఒకదానిలోకి ఒకటి మారగలిగి, వాటి స్థిరత్వాల తేడా మిశ్రమాన్ని నిర్ణయిస్తే దాన్ని ఉష్ణగతిక నియంత్రణ అంటారు. ఉష్ణగతిక నియంత్రణ ఉండాలంటే ప్రయోగం జరిగే ఉష్ణోగ్రతలో, ఆ వ్యవధిలో చర్య ద్విగతంగా ఉండాలి.*

*ఉదాహరణ: 1,3-బ్యూటాడయీన్‌కు HBr సంకలనం. ప్రోటాన్ మొదటి కార్బన్‌ను చేరి ఎలైల్ కార్బోకాటయాన్‌ను ఇస్తుంది. ఇది వేగాన్ని నిర్ణయించే అంచె. బ్రోమైడ్ రెండో కార్బన్‌ను చేరితే 3-బ్రోమో-1-బ్యూటీన్, నాలుగో కార్బన్‌ను చేరితే 1-బ్రోమో-2-బ్యూటీన్ వస్తాయి. ఇది నిష్పత్తిని నిర్ణయించే అంచె.* ఇక్కడ బొమ్మ.

*–80 °C వద్ద 1,2 సుమారు 80 శాతం. రెండో కార్బన్ మీద ధనావేశం ఎక్కువ ఉండటం, అయాన్ జంటలో బ్రోమైడ్ ఆ కార్బన్‌కు దగ్గరగా ఉండటం వల్ల దాని పరివర్తన స్థితి శక్తి తక్కువ. ఆ ఉష్ణోగ్రతలో C–Br బంధం మళ్లీ అయనీకరణం చెందలేదు, కాబట్టి ఈ నిష్పత్తి అలాగే నిలిచిపోతుంది. 40 °C వద్ద అయనీకరణం జరుగుతుంది, రెండు క్రియాజన్యాలూ కాటయాన్ ద్వారా ఒకదానిలోకి ఒకటి మారతాయి. ద్విబంధం మీద ఎక్కువ ప్రతిక్షేపకాలున్న 1,4 క్రియాజన్యం సుమారు 80 శాతానికి చేరుతుంది. –80 °C మిశ్రమాన్ని HBrతో 40 °Cకి వేడి చేస్తే అదే మిశ్రమం వస్తుంది, శుద్ధ 1,4 నుంచి మొదలుపెట్టినా అదే వస్తుంది. ఇది సమతాస్థితికి రుజువు.*

ఇంతటితో వ్యాసం పూర్తవుతుంది. సమయం మిగిలితే 2.2, 3.6 కిలోజౌళ్ల లెక్క రెండు వరుసల్లో చేర్చండి. అంతకుమించి నాఫ్తలీన్ సల్ఫొనేషన్ లాంటి ఇంకో ఉదాహరణ మొదలుపెట్టకండి. ప్రశ్న ఒక ఉదాహరణే అడిగింది, రెండోది సగంలో ఆగిపోతే మొదటిదాని మీద ఉన్న మంచి అభిప్రాయం కూడా తగ్గుతుంది.

ఉదాహరణ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త

ఒక ఏడాది ఒక అమ్మాయి బ్యూటాడయీన్ అందరూ రాస్తారని 1,3-సైక్లోహెక్సాడయీన్‌కు HBr కలిపిన చర్య తీసుకుని రెండు పేజీలు చక్కగా రాసింది. బొమ్మ కూడా చాలా బాగుంది. చివర్లో రెండు క్రియాజన్యాలు గీసింది. రెండింటికీ పేరు పెట్టబోతే రెండూ 3-బ్రోమోసైక్లోహెక్సీనే! వలయం సౌష్ఠవం వల్ల 1,2 చేర్చినా, 1,4 చేర్చినా అదే పదార్థం వస్తుంది. ఆ చర్య ఎంత వేడి చేసినా, ఎంత చల్లార్చినా నిష్పత్తి అనే మాటే లేదు. ఆ అమ్మాయికి అది అర్థమైంది కాబోలు, రెండో పేరు కొట్టేసి వదిలేసింది. నాకు చాలా బాధ అనిపించింది, ఎందుకంటే మిగతా వాదన అంతా సరిగ్గానే ఉంది. కొత్త ఉదాహరణ తీసుకోవాలనుకుంటే ముందు చిత్తు కాగితం మీద రెండు క్రియాజన్యాల పేర్లు రాసి, అవి వేర్వేరా కాదా చూసుకున్నాకే జవాబు మొదలుపెట్టండి.

ఇంకో రకం చిక్కు ఉంది. 1-ఫినైల్-1,3-బ్యూటాడయీన్‌కు HCl కలిపితే దాదాపు ఒకే క్రియాజన్యం వస్తుంది: ఫినైల్ వలయానికి పక్కనే ద్విబంధం మిగిలి ఉండే C6H5–CH=CH–CHCl–CH3. ప్రోటాన్ చివరి కార్బన్‌ను చేరాక క్లోరైడ్ దాని పక్క కార్బన్‌నే పట్టుకుంటుంది, అంటే త్వరగా ఏర్పడేది ఇదే. ద్విబంధం వలయంతో సంయుగ్మంగా ఉండటం వల్ల ఎక్కువ స్థిరమైనదీ ఇదే. పొట్టి గుట్ట, లోతైన లోయ ఒకే పక్కన ఉన్నాయి. వేడి చేసినా, చల్లార్చినా అదే వస్తుంది కాబట్టి, ఏ నియంత్రణో శాతాలను చూసి చెప్పే వీలే ఉండదు.